టైల్స్, గుడి గంటలు, జట్లు: "కనీసం" అనగానే క.సా.గు. వేయవచ్చా?

ప్రశ్న: మాస్టారూ, మాది కావలి. మా పాప ఏడో తరగతి. బడిలో ఇచ్చిన వర్క్‌షీటు ఫోటో పెడుతున్నాను, మూడు లెక్కలున్నాయి. ఒకటి: 4 మీ. 5 సెం.మీ. పొడవు, 3 మీ. 15 సెం.మీ. వెడల్పు ఉన్న గదిలో ముక్కలు కోయకుండా ఒకే కొలత చదరపు టైల్స్ పరచాలంటే కనీసం ఎన్ని కావాలి? రెండు: 8, 12, 15 నిమిషాలకొకసారి మోగే మూడు గుడి గంటలు ఉదయం 6కి కలిసి మోగాయి, మళ్ళీ ఎప్పుడు కలిసి మోగుతాయి, ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకు మొత్తం ఎన్నిసార్లు? మూడు: 96, 72, 60 మంది ఉన్న మూడు తరగతుల పిల్లలను ఎవరూ మిగలకుండా సమాన జట్లు చేయాలి, ఇక్కడ కాగితం మడతపడి చివరి వరుస కనిపించడం లేదు. పాప వరుసగా 2835, "మరుసటి రోజు ఉదయం 6", 12 అని రాసింది. మూడూ తప్పన్నారట. "కనీసం అంటే క.సా.గు. కదా నాన్నా" అంటోంది. ఏది ఎప్పుడు వేయాలో ఎలా చెప్పాలి?

సమాధానం:

2835 రాసిందంటే కారణాంకాలు విడదీయడం, క.సా.గు. కట్టడం మీ అమ్మాయికి బాగానే వచ్చు. 405కూ 315కూ క.సా.గు. సరిగ్గా అంతే. పొరపాటు లెక్క కట్టడంలో లేదు, ఏ లెక్క కట్టాలో ఎంచుకోవడంలో ఉంది. "కనీసం", "అతి తక్కువ" అని ఉంటే క.సా.గు. అనీ, "గరిష్ఠం", "అతి పెద్ద" అని ఉంటే గ.సా.భా. అనీ పిల్లలకు ఎవరో ఒకరు చిట్కాలా చెప్పేస్తారు. (గ.సా.భా.నే కొన్ని పుస్తకాలలో గ.సా.కా. అని రాస్తారు.) ఆ చిట్కా సగం లెక్కలకు పనికొచ్చి మిగతా సగంలో ముంచుతుంది. మీరు పంపిన మూడింటిలో మొదటిది ముంచే రకం, మూడోది అంతకన్నా ముంచే రకం.

ఆ చిట్కాకు బదులుగా పాప ప్రతి లెక్క దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవాలి. నేను వెతుకుతున్న సంఖ్య ఇచ్చిన సంఖ్యలను భాగించాలా, లేక ఇచ్చిన సంఖ్యలే దానిని భాగించాలా? మొదటిదైతే గ.సా.భా., రెండోదైతే క.సా.గు. ఇక్కడ వెతుకుతున్న సంఖ్య అంటే లెక్క చివర అడిగినదే కానవసరం లేదని మాత్రం గుర్తుంచుకోవాలి. టైల్స్ లెక్కలో అడిగింది టైల్స్ సంఖ్య, కాని ముందుగా వెతకవలసింది టైలు అంచు పొడవు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే "కనీసం" అన్న మాట పిల్లలను పక్కదారి పట్టిస్తుంది.

గది పొడవు 405 సెం.మీ., వెడల్పు 315 సెం.మీ. అనుకొని చూద్దాం. టైలు అంచు పొడవు వెంబడి పూర్ణసంఖ్యలో పట్టాలి, వెడల్పు వెంబడి కూడా పూర్ణసంఖ్యలో పట్టాలి. అంటే అంచు కొలత 405ను భాగించాలి, 315ను కూడా భాగించాలి. వెతుకుతున్నది భాజకం. సెంటీమీటర్లలో పూర్ణసంఖ్యగా ఉండే అంచులు చూస్తే 1, 3, 5, 9, 15, 45 సెం.మీ. టైల్స్ అన్నీ ఆ గదికి కోత లేకుండా సరిపోతాయి. 15 సెం.మీ. టైలు తీసుకుంటే పొడవున 27, వెడల్పున 21 పట్టి మొత్తం 567 అవుతాయి. 45 సెం.మీ. టైలు తీసుకుంటే పొడవున 9, వెడల్పున 7 పట్టి మొత్తం 63 సరిపోతాయి. టైలు పెద్దదయ్యేకొద్దీ టైల్స్ సంఖ్య తగ్గుతుంది కాబట్టి, "కనీసం ఎన్ని" అని అడిగినప్పుడు నిజానికి అడుగుతున్నది అన్నింటికన్నా పెద్ద టైలు. ప్రశ్నలో ఉన్న మాట "కనీసం", చేయవలసిన పని గరిష్ఠ భాజకం. జవాబు 63 టైల్స్. 45 దగ్గర ఆగిపోయే పిల్లలు చాలామంది ఉంటారు; అది సెంటీమీటర్లలో ఉన్న అంచు పొడవే తప్ప టైల్స్ సంఖ్య కాదు.

2835 తప్పని పాప తనకు తానే పట్టుకోగలిగే దారి ఒకటి ఉంది. 2835 సెం.మీ. అంటే 28 మీటర్ల 35 సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల గదిలో ఇరవై ఎనిమిది మీటర్ల టైలు ఎలా పడుతుంది? గ.సా.భా. ఎప్పుడూ ఇచ్చిన సంఖ్యలలో చిన్నదానిని మించదు, క.సా.గు. ఎప్పుడూ వాటిలో పెద్దదానికన్నా తగ్గదు. జవాబు రాయబోయే ముందు దాని పక్కన సెం.మీ., నిమిషాలు, పిల్లలు అని ప్రమాణం రాయించండి. చాలా తప్పులు అక్కడే బయటపడతాయి.

గ.సా.భా. ఎందుకు పనిచేస్తుందో చేతితో చూపించడానికి ఈ సంఖ్యలు బాగా అమరాయి. గ్రాఫు కాగితం మీద ఒక మిల్లీమీటరుకు 5 సెంటీమీటర్ల లెక్కన గదిని గీయించండి. పొడవు 81 మి.మీ., వెడల్పు 63 మి.మీ. వస్తుంది. అందులోంచి 63 భుజం గల పెద్ద చదరం కత్తిరిస్తే 18 వెడల్పు, 63 పొడవు గల పట్టీ మిగులుతుంది. ఆ పట్టీలోంచి 18 భుజం గల చదరాలు మూడు తీస్తే 54 పోయి, 18 పొడవు, 9 వెడల్పు గల ముక్క మిగులుతుంది. దానిలో 9 భుజం గల చదరాలు సరిగ్గా రెండు వస్తాయి, ఇక ఏమీ మిగలదు. 9 మి.మీ. అంటే గదిలో 45 సెం.మీ. నోటుపుస్తకంలో పాప చేసే భాగాహార పద్ధతి కూడా ఇదే: 405ను 315తో భాగిస్తే శేషం 90, 315ను 90తో భాగిస్తే శేషం 45, 90ని 45తో భాగిస్తే శేషం సున్న. 405లోనూ 315లోనూ సరిగ్గా పట్టే టైలు ఏదైనా వాటి తేడా అయిన 90లో కూడా పట్టి తీరాలి. అందుకే ప్రతి మెట్టులోనూ మిగిలిన చిన్న ముక్కను చూసుకుంటూ పోతే చాలు. దీనికే యూక్లిడ్ పద్ధతి అని పేరు.

ఫోటో పెట్టారు కాబట్టి ఒక హెచ్చరిక. 4 మీ. 5 సెం.మీ.ను మార్చేటప్పుడు పిల్లలు 45 అనో 450 అనో రాస్తుంటారు. ఇది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే ఈ లెక్కలో మూడు రకాలుగా చదివినా గ.సా.భా. 45 గానే వస్తుంది. 450 అని తీసుకుంటే 10 వరుసలు, 7 వరుసలు, మొత్తం 70 టైల్స్ అని చక్కగా తేలిపోతుంది. శేషం లేదు కనుక అనుమానమే రాదు. 45 అని తీసుకుంటే 7 టైల్స్ వస్తాయి, కాని గది ఒక వైపు ఒక టైలంత మాత్రమే ఉందని కనబడుతుంది కనుక అది దొరికిపోతుంది. 450 మాత్రం దొరకదు. దానికి మందు ఒక్కటే: 4 మీటర్లు 400 సెం.మీ. అని విడిగా రాసి, దాని కింద 5 రాసి కూడించాలి.

టైల్స్ పరిచే మేస్త్రిని అడిగితే మాత్రం ఆయన ఇలా లెక్క కట్టడు. చీమకుర్తి గ్రానైటు పలకలైనా, దుకాణంలో దొరికే టైల్స్ అయినా, ఉన్న కొలతతో పరుచుకుంటూ వెళ్ళి గోడ వార మిగిలిన సందుకు కట్టరుతో ముక్క కోసి పెడతాడు, మధ్యలో జాయింటు కూడా వదులుతాడు. "ముక్కలు కోయకుండా" అన్న షరతు ఉండడం వల్లనే ఇది గ.సా.భా. లెక్క అయింది. ఆ షరతును తీసేసి టైలు కొలత ముందే ఇచ్చేస్తే అది వైశాల్యం లెక్క అయిపోతుంది. పాప చేత ఆ షరతు కింద గీత గీయించండి.

టైల్స్ అన్న మాట ఉంటే గ.సా.భా. అని కొత్త చిట్కా కట్టుకున్నా ప్రమాదమే. 45 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల టైల్స్‌ను ఒకే దిశలో పేర్చి, కోయకుండా అతి చిన్న చదరపు అరుగు వేయాలన్నారనుకోండి. ఇప్పుడు తెలియనిది అరుగు భుజం. 45, 30 రెండూ దానిని భాగించాలి, అంటే వెతుకుతున్నది గుణిజం. క.సా.గు. 90, ఒక వైపు 2, ఇంకో వైపు 3, మొత్తం 6 టైల్స్. మొదటి లెక్కలో గది తెలుసు, టైలు తెలియదు. ఇక్కడ టైలు తెలుసు, అరుగు తెలియదు.

ఇక గంటలు. మూడూ కలిసి మోగే నిమిషం 8కి, 12కి, 15కి గుణిజం కావాలి. కనుక ఇక్కడ క.సా.గు. అనుకోవడం సరైనదే, పాప దారి తప్పలేదు. మరుసటి రోజు ఉదయం 6 అని రాసిందంటే 1440 నిమిషాలు తెచ్చిందన్నమాట. 8 × 12 × 15 సరిగ్గా 1440, అంటే 24 గంటలు. రెండు సంఖ్యల లబ్ధం వాటి గ.సా.భా., క.సా.గు.ల లబ్ధానికి సమానమన్న సూత్రాన్ని ఆమె మూడు సంఖ్యలకు వాడి ఉంటుందని నా అనుమానం. 8, 12, 15 మూడింటికీ కలిపి గ.సా.భా. 1 కనుక, లబ్ధమే క.సా.గు. అనుకుంది. ఆ సూత్రం రెండు సంఖ్యలకే చెల్లుతుంది. మూడు సంఖ్యలున్నప్పుడు జంటగా చేసుకుంటూ పోవాలి: 8కీ 12కీ క.సా.గు. 24, ఆ 24కీ 15కీ క.సా.గు. 120. అంటే రెండు గంటల సమయం, ఉదయం 8కి మళ్ళీ కలిసి మోగుతాయి. మరుసటి రోజు ఉదయం 6కి కూడా అవి కలిసి మోగే మాట నిజమే, కాని ఈలోగా పదకొండు సార్లు కలిసి మోగి ఉంటాయి. తనకు వచ్చిన సంఖ్యను 2తో, 3తో, 5తో భాగించి చూసి, అలా భాగించాక కూడా మూడు సంఖ్యలకూ గుణిజంగానే ఉంటే అది కనిష్ఠం కాదని తెలుసుకోవచ్చు. 1440ని 2తో భాగిస్తే వచ్చే 720 కూడా మూడింటికీ గుణిజమే. 120ని మాత్రం ఎలా తగ్గించినా ఏదో ఒక గంట జారిపోతుంది. 60 చేస్తే 8 పట్టదు, 40 చేస్తే 12 పట్టదు, 24 చేస్తే 15 పట్టదు.

ఎన్నిసార్లు అన్న భాగంలో 6 నుంచి 12 వరకు 360 నిమిషాలు, దానిని 120తో భాగిస్తే 3. కాని మొత్తం అడిగారు, 6 గంటల మోత కూడా లెక్కలోకి వస్తుంది కనుక జవాబు 4: 6కి, 8కి, 10కి, 12కి. "ఆ తర్వాత ఎన్నిసార్లు" అని అడిగి ఉంటే 3. ఒకటి కలపాలా వద్దా అని సూత్రం వెతకడం కన్నా సమయాలను వరుసగా రాసి వేలితో లెక్కపెట్టడం నయం.

"ఉదయం 6కి కలిసి మోగాయి" అన్న వాక్యం అలంకారానికి ఉన్నది కాదు. నెల్లూరు బస్టాండులో ఒక రూటు బస్సు 8 నిమిషాలకొకటి, ఇంకో రూటు బస్సు 12 నిమిషాలకొకటి బయలుదేరుతాయని లెక్క కోసం అనుకుందాం. రెండూ 6 గంటలకే మొదలైతే 24 నిమిషాలకొకసారి కలిసి బయలుదేరుతాయి. రెండోది 6 గంటల 2 నిమిషాలకు మొదలైతే మాత్రం ఎంతసేపు చూసినా ఎప్పటికీ కలవవు. మొదటిది బయలుదేరే నిమిషాలన్నీ 4 గుణిజాలు, రెండోదానివి 4తో భాగిస్తే 2 మిగిలేవి. కనుక ఎప్పటి నుంచి కలిసి మొదలయ్యాయో చెప్పని గంటల లెక్క అసంపూర్ణమైన లెక్క.

మూడోదానిలో గ.సా.భా. 12 అని పాప సరిగ్గానే కట్టింది. 96లో 12 ఎనిమిది సార్లు, 72లో ఆరు సార్లు, 60లో ఐదు సార్లు పడుతుంది. అయినా తప్పు పడింది, దానికి కారణం ఆ మడతలో ఉంది. ఇలాంటి లెక్క రెండు రకాలుగా ఇస్తారు. మొదటి రకంలో ఒక్కో జట్టులో ఒకే తరగతి పిల్లలు ఉండాలి, అన్ని జట్లలోనూ పిల్లల సంఖ్య సమానంగా ఉండాలి, కనీసం ఎన్ని జట్లవుతాయి అంటారు. అప్పుడు 12 అన్నది ఒక్కో జట్టులోని పిల్లల సంఖ్య. జట్లు 8, 6, 5 కలిపి 19. రెండో రకంలో ప్రతి జట్టులోనూ మూడు తరగతుల పిల్లలు ఉండాలి, ఒక్కో తరగతి నుంచి వచ్చేవారి సంఖ్య అన్ని జట్లలోనూ ఒకేలా ఉండాలి, గరిష్ఠంగా ఎన్ని జట్లు చేయవచ్చు అంటారు. అప్పుడు 12 అన్నది జట్ల సంఖ్య. ఒక్కో జట్టులో 8 మంది, 6 మంది, 5 మంది కలిపి 19 మంది. పనిచేసిన గ.సా.భా. ఒక్కటే, అయినా ఒక ప్రశ్నలో "కనీసం" ఉంటుంది, ఇంకో ప్రశ్నలో "గరిష్ఠంగా" ఉంటుంది. ఆ మాటలను పట్టుకొని పద్ధతి ఎంచుకునే పిల్లలకు ఇక్కడ దారే ఉండదు. 12 భాగిస్తున్నది పిల్లలనే అయినా, అది జట్టు పరిమాణమా జట్ల సంఖ్యా అన్నది షరతు చదివితేనే తెలుస్తుంది.

పిల్లల జట్లలో కూడా క.సా.గు. వచ్చే రూపం ఉంది. పిల్లల మొత్తం తెలియదు, 8 మంది చొప్పున చేసినా, 12 మంది చొప్పున చేసినా, 15 మంది చొప్పున చేసినా ఎవరూ మిగలరు, మొత్తం కనీసం ఎంతమంది అంటే 120. ఇక్కడ మొత్తాన్ని జట్లు భాగిస్తున్నాయి. ఇదే లెక్కను కొంచెం మార్చి, మూడంకెల సంఖ్యలలో అతి పెద్దది ఎంత అని అడిగితే జవాబు 960, అది 120కి 8 రెట్లు. "అతి పెద్ద" అని ఉన్నా అక్కడ పనిచేసేది క.సా.గు.నే.

మీ పాపకు 12 తప్పన్నారు కాబట్టి, పక్కన ప్రమాణం రాయనందుకు మార్కు తీసెయ్యకపోయి ఉంటే, ఆశించిన జవాబు 19 అయి ఉండాలి. మొదటి రకంలో జట్ల సంఖ్య అడిగినా, రెండో రకంలో ఒక్కో జట్టులో ఎంతమంది అని అడిగినా వచ్చేది 19నే. అది 19 జట్లా, 19 మంది పిల్లలా అన్నది మాత్రం మడత విప్పి ఆ చివరి వరుసలో "ఒకే తరగతి" అన్న మాట ఉందో, "మూడు తరగతుల" అన్న మాట ఉందో చూసి రాయించండి.